అనుమతి ఇచ్చింది మీరే, వెనక్కి తీసుకోవాల్సిందీ మీరే

‘మీ ఫోన్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి, వెంటనే తొలగించండి’ అని ఒక నోటిఫికేషన్ వస్తుంది. కాసేపటికి ‘మీ బ్యాటరీ పాడైపోతోంది’ అని ఇంకొకటి. సాయంత్రానికి ‘మీ ఖాతా నిలిపివేయబడింది’ అని, రాత్రి పడుకునే వేళ ‘మీకు బహుమతి వచ్చింది’ అని మరో రెండు. ఇవి చూసిన ఎవరైనా ఫోన్‌లో ఏదో దూరిందనే అనుకుంటారు. అనుమానం ఉన్న యాప్‌లన్నీ తీసేస్తారు. అయినా ఆగవు. దాంతో ఇంకా భయపడి షాపుకి తీసుకెళ్తారు. అక్కడ ఫోన్ మొత్తం రీసెట్ చేసి చేతిలో పెడతారు. నోటిఫికేషన్లతో పాటు ఇంట్లోవాళ్ల ఫొటోలూ పోతాయి.

ఇలాంటి చాలా ఫోన్లలో నిజానికి వైరస్ ఉండదు. ఎప్పుడో బ్రౌజర్‌లో ఏదో పేజీ చూస్తూ మనం నొక్కిన ఒక Allow బటన్ ఉంటుంది. ఆ ఒక్క అనుమతిని వెనక్కి తీసుకుంటే ఆ గోల ఆగిపోతుంది. దానికి రీసెట్ అక్కర్లేదు, యాంటీవైరస్ కొనక్కర్లేదు, షాపుకి వెళ్లక్కర్లేదు. అనుమతి ఎక్కడ నమోదై ఉంటుందో, ఎలా రద్దవుతుందో తెలిస్తే చాలు.

అనుమతి ఎవరి చేతిలో ఉంటుంది

మీరు ఫోన్‌లో ఏ వెబ్‌సైట్ తెరిచినా అది బ్రౌజర్ లోపలే ఉంటుంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ, ఏదైనా సరే. సైట్ తనంతట తాను మీ కెమెరా తెరవలేదు, మైక్ వినలేదు, నోటిఫికేషన్ పంపలేదు. కావాలంటే ముందు బ్రౌజర్‌ని అడగాలి. బ్రౌజర్ మిమ్మల్ని అడుగుతుంది. ‘ఫలానా సైట్ నోటిఫికేషన్లు పంపాలనుకుంటోంది’ అని చిన్న పెట్టె వస్తుంది, అందులో Allow, Block అని రెండు బటన్లు ఉంటాయి. ఆ పెట్టె సైట్‌ది కాదు, బ్రౌజర్‌ది. మీరిచ్చిన జవాబునీ బ్రౌజరే రాసి పెట్టుకుంటుంది.

కాబట్టి అనుమతిని వెనక్కి తీసుకోవడానికి ఆ సైట్‌ని బతిమాలాల్సిన పని లేదు. అసలు ఆ సైట్‌లోకి మళ్లీ అడుగు పెట్టాల్సిన అవసరమే లేదు. బ్రౌజర్‌లో ఉన్న జాబితా తెరిచి జవాబు మార్చేస్తే సరిపోతుంది.

ఆ జాబితాలో ఉండేది కంపెనీ పేరు కాదు, వెబ్ చిరునామా. www.example.com కి ఒక జవాబు, 1.example.com కి ఇంకో జవాబు. చూడ్డానికి ఒకే సైట్‌లా ఉన్నా, ముందు భాగం మారితే బ్రౌజర్ దృష్టిలో అది వేరే సైట్. ఈ చిన్న సంగతి గుర్తుపెట్టుకోండి. మోసం చేసే సైట్లు దీన్ని బాగా వాడుకుంటాయి.

మూడు అనుమతుల్లో నోటిఫికేషన్‌ది ప్రత్యేక స్వభావం. కెమెరా, మైక్ పని చేయాలంటే ఆ పేజీ మీ ఫోన్‌లో తెరిచి ఉండాలి. పేజీ మూస్తే అవీ ఆగిపోతాయి. నోటిఫికేషన్‌కి ఆ షరతు లేదు. మీరు Allow నొక్కగానే ఆ సైట్ మీ బ్రౌజర్‌లో ఒక చిన్న ప్రోగ్రామ్‌ని ఉంచుతుంది. దాన్ని సర్వీస్ వర్కర్ అంటారు. దాంతో పాటు మీ బ్రౌజర్‌కి సందేశం చేర్చడానికి పనికొచ్చే ఒక చిరునామా సైట్ వాళ్లకి అందుతుంది. ఇక వాళ్ల సర్వర్ ఎప్పుడు సందేశం పంపినా, పేజీ మూసేసి నెలలు గడిచినా, అది మీ ఫోన్ మీద కనిపిస్తుంది. క్రోమ్‌లో ఈ సౌకర్యం 2015లో వచ్చింది. రైలు ఆలస్యమైందనో, ఈమెయిల్ వచ్చిందనో యాప్ లేకుండానే చెప్పడానికి పనికొచ్చే మంచి ఏర్పాటు ఇది. చెడిపోయింది దాన్ని వాడే తీరు.

‘రోబో కాదని నిరూపించుకోండి’

మామూలుగా అడిగితే తెలియని సైట్‌కి ఎవరూ నోటిఫికేషన్ అనుమతి ఇవ్వరు. అందుకే అవి మామూలుగా అడగవు. ఉచితంగా సినిమా చూపిస్తామనే పేజీ, క్రికెట్ లైవ్ లింకు, పరీక్ష ఫలితాల పేరుతో వచ్చే పేజీ, ఇలాంటి చోట వీడియో బటన్ నొక్కితే ఇంకో పేజీ తెరుచుకుంటుంది. నల్లటి తెర, మధ్యలో తిరుగుతున్న చక్రం, కింద ‘వీడియో చూడాలంటే Allow నొక్కండి’ అనే అక్షరాలు. లేదా ఒక రోబో బొమ్మ, ‘మీరు రోబో కాదని నిరూపించడానికి Allow నొక్కండి’ అనే మాట. సరిగ్గా అదే సమయంలో బ్రౌజర్ పెట్టె వస్తుంది. పేజీలో గీసిన బాణం ఆ పెట్టెలోని Allow వైపే చూపిస్తూ ఉంటుంది.

చదివేవారికి ఈ రెండూ ఒకటే అనిపిస్తాయి. కానీ పేజీ మీద ఉన్న మాటలు సైట్ రాసుకున్నవి, పెట్టెలో ఉన్నవి బ్రౌజర్ రాసినవి. పేజీ వీడియో గురించి మాట్లాడుతుంటే, పెట్టె నోటిఫికేషన్ల గురించి అడుగుతోంది. మీ జవాబు వెళ్లేది పెట్టెలోని ప్రశ్నకే. మీరు మనిషో రోబోనో తేల్చే అసలు పరీక్షకి నోటిఫికేషన్ అనుమతితో ఏ సంబంధమూ లేదు. వీడియో ఆడించడానికీ అది అక్కర్లేదు. ఫైల్ డౌన్‌లోడ్ కావడానికీ అక్కర్లేదు. ఆ మాట ఏ పేజీలో కనిపించినా అది మోసమేనని నిస్సందేహంగా అనుకోవచ్చు.

అనుమానం వచ్చి Block నొక్కితే కొన్ని సైట్లు ఊరుకోవు. 1.example.com మీద కాదంటే, వెంటనే 2.example.com కి తోసేసి మళ్లీ అడుగుతాయి. అక్కడా కాదంటే ఇంకోటి. ఒకే ఇంటికి పది తలుపులు పెట్టి, ప్రతి తలుపు దగ్గరా కొత్తవాళ్లలా నిలబడి అడిగినట్టు. ముందు చెప్పినట్టు ప్రతి చిరునామా బ్రౌజర్‌కి కొత్త సైటే కాబట్టి పెట్టె మళ్లీ వస్తుంది. విసుగొచ్చి మనం ఎక్కడో ఒకచోట Allow నొక్కేస్తాం. వాళ్లకి కావలసింది అదే. ఇలా పెట్టె వెంట పెట్టె వస్తుంటే జవాబు చెప్పడం మానేసి ఆ ట్యాబ్‌నే మూసేయండి.

ఇంత శ్రమ ఎందుకంటే డబ్బు కోసం. ఆ నోటిఫికేషన్ నొక్కి మీరు ఒక ప్రకటన పేజీకి వెళ్తే ప్రతి నొక్కుకీ ఎంతో కొంత వస్తుంది. అక్కడ భయపడి మీరు ఏదైనా కొంటే అందులో కమిషన్ వస్తుంది. ఇంకా చెడ్డవాళ్లయితే బ్యాంకు పేజీలా కనిపించే నకిలీ పేజీకి తీసుకెళ్తారు. మీ ఫోన్‌లో వైరస్ ఉందో లేదో వాళ్లకి తెలియదు. తెలుసుకునే దారి కూడా ఆ అనుమతిలో లేదు.

ఒక ఫోన్ కథ

భీమవరంలో మా బంధువు ఒకాయన ఉన్నారు. రిటైరైన ఉపాధ్యాయుడు, నేను బాబాయ్ అని పిలుస్తాను. మొన్న వెళ్లినప్పుడు ఫోన్ నా చేతికిచ్చి, “ఒరేయ్, దీనికి వైరస్ పట్టిందట. రోజూ అదే చెప్తోంది. రెండు యాప్‌లు తీసేశాను, తగ్గలేదు” అన్నారు. ఆండ్రాయిడ్ ఫోన్, బ్రౌజర్ క్రోమ్. నేను నోటిఫికేషన్లు తుడిచేయబోతే ఆపి, “ముందు చూడు, తర్వాత తుడువు” అన్నారు. ఆయన చెప్పింది సరైన పద్ధతి. తుడిచేస్తే ఆనవాలు పోతుంది.

మొదటి పని, అది ఎవరిదో కనుక్కోవడం. పైనుంచి కిందికి లాగి ఆ నోటిఫికేషన్‌ని కాస్త తెరిచి చూశాం. ఎర్రటి హెచ్చరిక గుర్తు, పేరున్న యాంటీవైరస్ కంపెనీ బొమ్మ, పెద్ద అక్షరాల్లో భయపెట్టే మాట. ఇవన్నీ పంపినవాళ్లు పెట్టుకున్నవి. వాట్సాప్ గుర్తే కావాలన్నా పెట్టుకోగలరు. కానీ వాటి పక్కనే చిన్న అక్షరాల్లో క్రోమ్ పేరు, ఒక వెబ్ చిరునామా ఉన్నాయి. ఆ రెండూ రాసింది బ్రౌజర్. పంపినవాళ్లు వాటిని మార్చలేరు. యాంటీవైరస్ కంపెనీ పేరుతో వచ్చిన సందేశం కింద అర్థం పర్థం లేని అక్షరాల చిరునామా ఉంది. “నేను ఈ పేరెప్పుడూ వినలేదే” అన్నారు బాబాయ్. రోగం ఎక్కడుందో అప్పుడే తేలిపోయింది. యాప్‌లలో కాదు, క్రోమ్‌లో.

రెండో పని, అక్కడికక్కడే ఆపడం. ఆ నోటిఫికేషన్‌ని తెరిస్తే కింద Site settings అనే బటన్ ఉంది. కొత్త క్రోమ్ ఉన్న కొన్ని ఫోన్లలో దాని చోట Unsubscribe అని ఉంటుంది. బటన్ కనిపించకపోతే నోటిఫికేషన్ మీద వేలు కాసేపు అదిమి పట్టుకుంటే దాన్ని ఆపే మీట వస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త. నోటిఫికేషన్ మధ్యలో ఎక్కడా మామూలుగా నొక్కకూడదు, నొక్కితే వాళ్ల పేజీ తెరుచుకుంటుంది. ఇంకో జాగ్రత్త, ఆండ్రాయిడ్ మీట నొక్కేటప్పుడు అది ఆ ఒక్క సైట్‌దో, మొత్తం క్రోమ్‌దో చూసుకోవాలి. క్రోమ్ మొత్తానికి ఆపేస్తే ఈ గోల ఆగుతుంది గానీ, కావలసిన సైట్ల సందేశాలూ ఆగిపోతాయి.

మూడో పని, మిగిలినవాళ్లని వెతకడం. ఇలాంటి సైట్ సాధారణంగా ఒంటరిగా రాదు. ఒకదాని నుంచి ఇంకోదానికి తోసుకుంటూ పోయేటప్పుడు రెండు మూడు చోట్ల Allow పడి ఉంటుంది. క్రోమ్ తెరిచి పైన మూడు చుక్కలు నొక్కి Settings, అందులో Site settings, అందులో Notifications లోకి వెళ్లాం. అక్కడ అనుమతి ఉన్న సైట్ల జాబితా ఉంది. నాలుగు పేర్లు కనిపించాయి. ఒకటి ఆయన రోజూ చదివే వార్తాపత్రిక. అది కావాలనే పెట్టుకున్నారు కాబట్టి ముట్టుకోలేదు. మిగతా మూడూ ఆయనకి తెలియనివి. ఒక్కోదాన్నీ తెరిచి Block చేశాం. అంతే, ఆ సాయంత్రం నుంచి ఫోన్ నోరు మూసుకుంది.

“క్రికెట్ మ్యాచ్ ఎక్కడా రాకపోతే ఏదో లింకు నొక్కానురా” అని అప్పుడు గుర్తు చేసుకున్నారు. ఆ లింకు ఇప్పుడు వెతకాల్సిన పని లేదు. అనుమతి పోయాక వాళ్ల దగ్గరున్న చిరునామా చెల్లదు. వాళ్ల సర్వర్ ఎన్నిసార్లు పంపినా ఆ సందేశం ఫోన్‌కి చేరదు.

కంప్యూటర్‌లో ఇదే జాబితా కావాలంటే క్రోమ్ చిరునామా గడిలో ఈ వరుస టైప్ చేస్తే నేరుగా తెరుచుకుంటుంది:

```
chrome://settings/content/notifications
```

విండోస్ కంప్యూటర్ తెర కుడి మూలలో పైకి లేచే నకిలీ వైరస్ హెచ్చరికల్లో చాలావాటికి మూలం ఈ జాబితాలోనే దొరుకుతుంది. పది తలుపుల సైట్ అయితే ఇక్కడ ఇంకో సౌకర్యం ఉంది. పంపడానికి వీల్లేని సైట్ల వరుసలో Add నొక్కి ఇలా రాస్తే ముందు భాగం ఏదైనా సరే ఆ సైట్‌కి చెందిన అన్ని చిరునామాలూ ఒకేసారి ఆగిపోతాయి:

```
[*.]example.com
```

బ్లాక్ వేరు, తీసేయడం వేరు

ఇది చాలామంది పొరబడే చోటు. జాబితాలో ఒక సైట్ మీద నొక్కితే Block తో పాటు, అనుమతులన్నీ మొదటికి తెచ్చే మార్గం కూడా కనిపిస్తుంది. కంప్యూటర్‌లో దాన్ని Remove అని, Reset permissions అని రాస్తారు. పేరు చూస్తే సైట్‌ని వెళ్లగొట్టేసినట్టు అనిపిస్తుంది. జరిగేది మాత్రం మీ పాత జవాబు చెరిగిపోవడమే. నోటిఫికేషన్లు ఆగుతాయి. కానీ మళ్లీ ఎప్పుడైనా ఆ సైట్ తెరిస్తే అది కొత్తగా అడగొచ్చు. Block చేస్తే బ్రౌజర్ మీ కాదన్న జవాబుని గుర్తుపెట్టుకుంటుంది, ఆ చిరునామా నుంచి మళ్లీ ప్రశ్నే రాదు. అల్లరి చేసిన సైట్‌ని Block చేయండి. మంచి సైటే, ఇప్పటికి అవసరం లేదనుకుంటే తీసేయండి.

రెండో పొరపాటు, హిస్టరీ తుడిచేస్తే సరిపోతుందనుకోవడం. చూసిన పేజీల జాబితా వేరు, అనుమతుల జాబితా వేరు. క్రోమ్‌లో బ్రౌజింగ్ డేటా తుడిచేటప్పుడు Site settings అని విడిగా ఒక గడి ఉంటుంది. దానికి టిక్ పెట్టకపోతే అనుమతులు అలాగే ఉంటాయి. పెడితే అన్ని సైట్లకీ ఇచ్చిన జవాబులు, మీ Block లతో సహా పోతాయి.

మూడోది, Notifications పేజీలో పైన ఉండే పెద్ద మీట. దాన్ని ఆపేస్తే ఇకమీదట ఏ సైట్ కూడా అనుమతి అడగదు. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లలో ఇది చేసి పెట్టడం ఎంతో మేలు. అయితే అది కొత్తగా అడగడాన్ని మాత్రమే ఆపుతుంది. అప్పటికే Allow అయి జాబితాలో ఉన్న సైట్లు అలాగే పంపుతూ ఉంటాయి. కాబట్టి ముందు జాబితాని శుభ్రం చేయాలి, తర్వాత మీట ఆపాలి.

ఐఫోన్ వాడేవాళ్లకి ఈ నోటిఫికేషన్ బెడద తక్కువ. ఐఓఎస్‌లో వెబ్‌సైట్ల నోటిఫికేషన్లు 2023 మార్చిలో వచ్చిన 16.4 వెర్షన్‌తోనే మొదలయ్యాయి. అవి కూడా సైట్‌ని హోమ్ స్క్రీన్ మీద చేర్చుకున్న తర్వాతే అడగగలవు. మామూలుగా సఫారీలో తెరిచిన పేజీ ఆ ప్రశ్న వేయలేదు.

రద్దు చేయడం ఎంతవరకు కాపాడుతుంది

నోటిఫికేషన్ అనుమతి ఉన్న సైట్ మీ ఫొటోలు చూడలేదు, ఓటీపీలు చదవలేదు, ఫోన్ నంబర్ల జాబితా తీసుకోలేదు. సందేశం చూపించడం తప్ప దానికి వేరే హక్కు లేదు. అందుకే అనుమతి రద్దు చేశాక, మీరు ఏ నోటిఫికేషన్నీ నొక్కి ఉండకపోతే, ఇక భయపడాల్సింది ఏమీ లేదు.

నొక్కి ఉంటే ఏం జరిగిందో నెమ్మదిగా గుర్తు చేసుకోవాలి. ఆ పేజీ చెప్పిందని యాప్ ఏదైనా ఇన్‌స్టాల్ చేశారా? చేస్తే అది వేరే సమస్య. సైట్ అనుమతి తీసేసినంత మాత్రాన యాప్ పోదు, దాన్ని విడిగా తీసేయాలి. పాస్‌వర్డ్ ఇచ్చారా? వెంటనే మార్చాలి. కార్డు వివరాలో, యూపీఐ పిన్నో ఇచ్చి డబ్బు పోయిందా? ఆలస్యం చేయకుండా బ్యాంకుకి చెప్పాలి. సైబర్ మోసాల సహాయ నంబర్ 1930కి ఫోన్ చేయాలి, లేదా cybercrime.gov.in లో ఫిర్యాదు నమోదు చేయాలి. డబ్బు ఇంకా ఖాతాల మధ్యే తిరుగుతున్నప్పుడు చెబితే ఆపడానికి అవకాశం ఎక్కువ.

కెమెరా, మైక్: అవసరం ఉన్నంతసేపే

నోటిఫికేషన్ అనుమతి చాలావరకు అక్కర్లేనిది. కెమెరా, మైక్ అలా కాదు. ఆన్‌లైన్‌లో డాక్టరుతో మాట్లాడాలంటే, అమెరికాలో ఉన్న కొడుకుతో బ్రౌజర్‌లో వీడియో కాల్ చేయాలంటే, ఉద్యోగం ఇంటర్వ్యూకి కూర్చోవాలంటే అవి ఇచ్చి తీరాలి. కాబట్టి ఇవ్వాలా వద్దా అని మథనపడటం కంటే ఎంతసేపు ఇవ్వాలన్నది తేల్చుకోవాలి.

డిగ్రీ పూర్తి చేసిన ఒక అమ్మాయి ఇంటర్వ్యూకి కూర్చుంటుందనుకోండి. కంపెనీ పంపిన లింకు తెరిస్తే బ్రౌజర్ కెమెరా, మైక్ అనుమతి అడుగుతుంది. ఇప్పటి క్రోమ్‌లో ఇక్కడ మూడు జవాబులు ఉంటాయి: Allow while visiting the site, Allow this time, Never allow. మొదటిదాని అర్థం చాలామంది అనుకునేది కాదు. ‘ఇప్పుడు ఈ సైట్‌లో ఉన్నంతసేపు’ అని కాదు, ‘ఈ సైట్‌కి ఎప్పుడొచ్చినా’ అని. అది నొక్కితే వచ్చే నెల ఆ లింకు మళ్లీ తెరిచినా, ఇంకేమీ అడగకుండానే సైట్ కెమెరా ఆన్ చేసుకోగలదు. రెండోది ఈ ఒక్కసారికే. ఇంటర్వ్యూ అయిపోయి పేజీ మూశాక ఆ అనుమతి మిగలదు. ఒక్కరోజు పని ఉన్న సైట్‌కి రెండోదే సరైన జవాబు. వారం వారం పాఠాలు చెప్పే సైట్ అయితే మొదటిది ఇచ్చినా ఫర్వాలేదు.

ఫైర్‌ఫాక్స్ పద్ధతి దీనికి దగ్గరగానే ఉంటుంది. గుర్తుపెట్టుకోమని మీరు టిక్ పెడితే తప్ప అనుమతి తాత్కాలికమే. సఫారీ అయితే మీరు మార్చకపోతే మళ్లీ మళ్లీ అడుగుతుంది. అది విసుగనిపించినా మంచిదే.

సైట్ కెమెరా వాడుతోందని ఎలా తెలుస్తుంది? కంప్యూటర్‌లో క్రోమ్ అయితే ఆ ట్యాబ్ మీద ఎర్రటి గుర్తు వస్తుంది. ఆండ్రాయిడ్ 12, ఆ తర్వాతి ఫోన్లలో తెర పైమూలన ఆకుపచ్చ చుక్క వెలుగుతుంది. ఆ చుక్కని నొక్కితే వాడుతున్న యాప్ పేరు చెబుతుంది. ఇక్కడ ఒక పరిమితి ఉంది. ఫోన్ చెప్పేది ‘క్రోమ్’ అని మాత్రమే, క్రోమ్‌లో ఏ సైటో చెప్పదు. అది బ్రౌజర్‌లోనే చూసుకోవాలి. తెరిచి ఉన్న ట్యాబ్‌లు చూసి, అనుమానం ఉన్నదాన్ని ముందు మూసేయండి. చుక్క ఆరిపోతే కారణం అదే.

ఆ తర్వాత అనుమతి రద్దు. ఆ సైట్ తెరిచి ఉన్నప్పుడే చిరునామాకి ఎడమవైపు ఉన్న చిన్న గుర్తు నొక్కండి. ఒకప్పుడు అక్కడ తాళం బొమ్మ ఉండేది, 2023 నుంచి క్రోమ్‌లో దాని చోట రెండు చిన్న మీటల బొమ్మ వచ్చింది. అందులో Permissions తెరిస్తే ఆ సైట్‌కి ఏమేం ఇచ్చారో కనిపిస్తుంది. Camera, Microphone మీటలు ఆపేసి పేజీని మళ్లీ లోడ్ చేయండి. సైట్ మళ్లీ తెరవడం ఇష్టం లేకపోతే నోటిఫికేషన్ల కోసం వెళ్లిన Site settings లోకే వెళ్లండి. అక్కడ Camera, Microphone అని విడివిడి జాబితాలు ఉంటాయి. రెండూ చూడాలి, ఎందుకంటే కెమెరా ఆపితే మైక్ ఆగదు. ముఖం కనిపించకపోయినా మాట వినిపిస్తూనే ఉంటుంది.

దీనికి తిరుగు సమస్య కూడా ఇళ్లలో తరచుగా వస్తుంది. డాక్టరు లైన్‌లో ఉంటారు, మన బొమ్మ మాత్రం వెళ్లదు. అప్పుడు మూడు చోట్ల చూడాలి. ఆ సైట్‌ని ఎప్పుడైనా Block చేశామేమో చిరునామా పక్కన గుర్తులో చూడాలి. ఫోన్ సెట్టింగ్స్‌లో యాప్‌ల జాబితాలో క్రోమ్‌కే కెమెరా అనుమతి ఉందో లేదో చూడాలి. ఆండ్రాయిడ్ 12 నుంచి మొత్తం ఫోన్ కెమెరానీ, మైక్‌నీ ఒక్క దెబ్బతో ఆపే మీటలు పైనుంచి లాగే పలకలో చేర్చుకునే వీలు వచ్చింది, అవి ఆపి ఉన్నాయేమో కూడా చూడాలి. ఈ మూడూ తెరిచి ఉంటేనే సైట్‌కి బొమ్మ అందుతుంది. ఏ ఒక్కటి మూసినా అందదు. నమ్మకం లేని సైట్ విషయంలో ఇదే మీకు బలం.

బ్రౌజర్లు ఏం చేస్తున్నాయి

ఈ అల్లరి బ్రౌజర్లు తయారు చేసేవాళ్లకీ తెలుసు. ఫైర్‌ఫాక్స్ 2020 జనవరిలో ఒక నియమం పెట్టింది. పేజీ తెరవగానే నోటిఫికేషన్ పెట్టె దూకకూడదు, వాడేవారు పేజీలో ఏదైనా నొక్కాకే అడగాలి. క్రోమ్ అదే ఏడాది, జనం ఎక్కువగా కాదంటున్న సైట్ల ప్రశ్నని చప్పుడు లేని చిన్న గుర్తుగా మార్చింది. ఇప్పుడు క్రోమ్‌లో Safety check అనే పేజీ ఉంది. మోసపూరితంగా అనుమతి తీసుకున్న సైట్లని కనిపెడితే అది తానే అనుమతి తీసేసి మీకు చెబుతుంది. చాలాకాలంగా వెళ్లని సైట్ల అనుమతుల్నీ తీసేస్తుంది. వెబ్ నోటిఫికేషన్లలో నూటికి ఒకటి కంటే తక్కువే ఎవరైనా పట్టించుకుంటున్నారని గూగుల్ 2025లో ప్రకటించింది. మిగతావన్నీ వచ్చిపోయే చప్పుడే.

అయినా పూర్తిగా వాటి మీద వదిలేయలేం. కొత్త మోసపు చిరునామా పుట్టడానికీ, దాన్ని బ్రౌజర్ పసిగట్టడానికీ మధ్య కొంత సమయం ఉంటుంది. మోసగాళ్లు బతికేది ఆ సమయంలోనే. పాత ఫోన్‌లో పాత క్రోమ్ ఉంటే ఈ రక్షణలు అందవు. కాబట్టి బ్రౌజర్ అప్‌డేట్ చేసుకోండి, జాబితా మాత్రం మీ కళ్లతో చూసుకోండి.

మీ ఇంట్లో అమ్మానాన్నల ఫోన్ ఈ వారమే ఒకసారి అడిగి తీసుకోండి. వాళ్ల పక్కనే కూర్చుని Site settings తెరిచి Notifications, Camera, Microphone మూడు జాబితాలూ చదివి వినిపించండి. “ఇది నీకు తెలుసా నాన్నా?” అని ఒక్కో పేరుకీ అడగండి. తెలియదన్న ప్రతి పేరునీ Block చేయండి. చివర్లో నోటిఫికేషన్లు అడిగే మీటని ఆపేయండి. ఆ ఫోన్‌లో వచ్చే భయపు మాటలు నమ్మి రేపు వాళ్లు డబ్బు పోగొట్టుకోకుండా ఉండాలంటే, ఇవాళ ఆ కాసేపు మీరు కేటాయించాలి.